ఎగ్జిక్యూటివ్ సమ్మరీ ఒక్క పేజీలో: పలాస జీడిపప్పు యూనిట్ ప్రాజెక్ట్

"పలాస జీడిపప్పు యూనిట్‌లో వర్కింగ్ క్యాపిటల్ మీద ఎంబీఏ ప్రాజెక్ట్ చేశాను. సమ్మరీ మూడు పేజీలైంది, గైడ్ ఒక్క పేజీ అంటున్నారు. ఏం తీసేయాలి?"

యూనిట్ చరిత్ర, లక్ష్యాలు, నిష్పత్తుల నిర్వచనాలు తీసేయండి. అవి లోపలి అధ్యాయాల్లో ఎలాగూ ఉంటాయి. మొదటి వాక్యంలోనే తేలిన విషయం చెప్పేయండి. ఉదాహరణకు సగటు నిల్వ 60 లక్షలు, ఏడాదిలో అమ్మిన సరుకు ఖర్చు 219 లక్షలు అనుకుందాం. 60ని 219తో భాగించి 365తో గుణిస్తే 100 రోజులు. "యూనిట్ డబ్బు 100 రోజులు గోదాములోనే ఉండిపోతోంది" అని రాయండి.

కారణానికి నాలుగు లైన్లు చాలు: జీడి పిక్కలన్నీ సీజన్‌లో ఒకేసారి కొంటున్నారు, అదీ బ్యాంకు క్యాష్ క్రెడిట్ మీద.

మిగతా చోటంతా సిఫారసుకే ఇవ్వండి. ఉత్తినే "నిల్వ తగ్గించాలి" అంటే వైవాలో నిలబడదు. "రెండు విడతల్లో కొని నిల్వను 70 రోజులకు తేవాలి. 18 లక్షలు చేతికొస్తాయి, 10 శాతం వడ్డీ లెక్కన ఏడాదికి 1.8 లక్షలు మిగులుతాయి" అనండి. దాని హద్దు కూడా పక్కనే రాయండి: రెండో విడతకి పిక్కల ధర పెరిగి, అదనపు ఖర్చు ఆ 1.8 లక్షలు దాటితే ఈ సిఫారసు పనిచేయదు. ఎగ్జామినర్ ముందుగా అడిగేది అదే.