ఆలస్యమైందా, ఆలస్యం చేశానా?

సందేహం: ఈ నెల 3న రాత్రి వానకు మా గోదాములో వేరుశెనగ విత్తనాల బస్తాలు తడిశాయి. 4న ఉదయం చూసి మేనేజరు గారికి ఫోనులో చెప్పాను. అడుగు వరసలు దించి లెక్కపెట్టేసరికి 6 సాయంత్రమైంది. 7న వేరే పనుల్లో పడి రాయలేదు. 8న రాసిన నివేదికలో ‘అనివార్య కారణాల వల్ల జాప్యం జరిగింది’ అని పెడితే వెనక్కి పంపారు. జాప్యం అన్న మాట తప్పా? కాలయాపన అనాలా?

సమాధానం: జాప్యం తప్పు మాట కాదు. కాలయాపన మాత్రం వద్దు. కావాలని రోజులు గడిపేశారన్న అర్థం తెలుగులో దానికి స్థిరపడిపోయింది. అది ఎదుటివారి మీద మోపే మాట. ఆలస్యం అంటే సంస్కృతంలో సోమరితనం కాబట్టి అదీ రాయకూడదని కొందరు సందేహిస్తారు. తెలుగులో ఆ అర్థం ఎవరికీ తోచదు, ధైర్యంగా వాడండి.

చిక్కంతా ‘అనివార్య’, ‘జరిగింది’ అన్న మాటల్లో ఉంది. నివారించడానికి వీల్లేనిదే అనివార్యం. 7న మీరు రాయకపోవడం అలాంటిది కాదు. పైగా ఆ మాట కారణం చెప్పదు, కారణం ఉందని మాత్రం చెబుతుంది. చదివేవారికి వెంటనే ‘ఏమిటా కారణం?’ అన్న ప్రశ్న పుడుతుంది. ఇక ‘జాప్యం జరిగింది’ అన్న వాక్యంలో చేసినవారే లేరు. వాన పడింది, బస్తా తడిసింది అన్నట్టే జాప్యం కూడా దానంతటదే వచ్చిపడినట్టు ఉంది. ‘సమర్పించబడలేదు’ అన్నా ఇదే లోపం.

తెలుగు క్రియలోనే ఈ తేడా చూపే వీలుంది. ‘ఆలస్యమైంది’ అంటే పరిస్థితి, ‘ఆలస్యం చేశాను’ అంటే మీ పని. అంతకన్నా ముఖ్యమైన జంట ‘రాయలేదు’, ‘రాయలేకపోయాను’. మొదటిది జరిగినదాన్ని ఉన్నదున్నట్టు చెబుతుంది. రెండోది రాయడానికి వీలు లేకపోయిందని వాదిస్తుంది, కాబట్టి ఆ వీలు ఎందుకు లేదో పక్కనే చూపాలి. నివేదికల్లో ఎక్కువగా జరిగే పొరపాటు, ఉన్న రోజులన్నిటికీ ‘లేకపోయాను’ తగిలించడం. ఒక్క రోజు విషయంలో అది నిజం కాదని తేలితే, మిగతా రోజుల కారణం నిజమైనా నమ్మరు.

మీ రోజులు విడదీసి చూడండి. 4 నుంచి 6 సాయంత్రం దాకా లెక్క తేలలేదు. అయినా ఆ రోజుల్లోనూ ‘బస్తాలు తడిశాయి, లెక్క జరుగుతోంది’ అని రెండు వాక్యాలు రాసి పంపే వీలుంది. అందుకే అక్కడ ఉత్త ‘నివేదిక రాయలేకపోయాను’ అన్నా సరిపోదు, ‘పూర్తి నివేదిక’ అనాలి. 7న వీలుంది, రాయలేదు. నేనైతే ఇలా రాస్తాను:

“3వ తేదీ రాత్రి వానకు బస్తాలు తడిసిన సంగతి 4న ఉదయం గోదాము తెరిచినప్పుడు చూసి, ఫోనులో మీకు తెలియజేశాను. అడుగు వరసలు దించితే గాని ఎన్ని తడిశాయో తేలదు కనుక 6వ తేదీ సాయంత్రం వరకు పూర్తి నివేదిక రాయలేకపోయాను. 7న లెక్క నా దగ్గర ఉన్నా, ఇతర పనుల వల్ల రాయలేదు. ఆ ఒక్క రోజు ఆలస్యం నేను చేసినదే. 8న రాస్తున్నాను.”

‘క్షమించగలరు’ చేర్చాలనుకుంటే 7వ తేదీ వాక్యం తర్వాత ఒక్కసారి చాలు. ముందే పెడితే మూడు రోజుల లెక్క కూడా తప్పుగానే కనిపిస్తుంది.

రోజులు గడిచాక రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. ‘నిన్న’, ‘మొన్న’, ‘ఈ ఉదయం’ రాసిన రోజును బట్టి అర్థం మార్చుకుంటాయి. 4న కాగితం మీద గీసుకున్న ‘రాత్రి వాన’ అన్న ముక్కను 8న యథాతథంగా ఎక్కిస్తే, అది 7 రాత్రి వాన అవుతుంది. తేదీలే వేయండి. అలాగే వాన కురుస్తుండగా మీరు అక్కడ లేరు కదా, ‘రాత్రి పైకప్పు కారింది’ అని చూసినట్టు రాయకండి. ‘పైకప్పు కారిందని కాపలాదారు చెప్పారు’ అనండి. ‘కారిందట’ మాటల్లో బాగుంటుంది గాని, ఎవరు చెప్పారో దాచేస్తుంది కాబట్టి నివేదికలో పనికిరాదు. ‘నాకు గుర్తున్నంతవరకు’ అన్నది మొత్తం నివేదిక నెత్తిన పెట్టకుండా, నిజంగా జ్ఞాపకం మీద చెబుతున్న వాక్యానికే కట్టండి. లెక్కపెట్టిన బస్తాల సంఖ్యకు అది అక్కర్లేదు.

సంతకం కింద తేదీ 8 అనే వేయండి. 4న గీసుకున్న కాగితం ఉంటే దాని తేదీతోనే జతచేయండి.