ఏరేటర్లు తిరిగితే డీవో రీడింగ్ గెంతుతోంది, ఫిల్టర్ పెట్టినా!

ప్రశ్న: సార్, మాది ఆకివీడు దగ్గర. వెనామీ రొయ్యల చెరువులో నీటిలో కరిగిన ఆక్సిజన్, అంటే డీవో, కొలిచే సెన్సర్ పెట్టి ఆర్డినోకి ఇచ్చాను. సెన్సర్ బోర్డు 0 నుంచి 1.5 వోల్టులు ఇస్తుంది. ఏరేటర్లు వేస్తే రీడింగ్ గెంతుతోందని ఎల్‌ఎం358 ఆప్-ఆంప్ ఐసీతో లో-పాస్ ఫిల్టర్ కట్టాను. 10 కె, 1 మైక్రోఫారడ్, గెయిన్ 3. అయినా తగ్గలేదు. పైగా మధ్యాహ్నం అంకె 720 దగ్గర ఆగిపోతోంది. ఏరేటర్ రిలే కూడా ఫోన్‌తోనే నడుపుతున్నాను. ఏ విలువలు వాడాలి?

జవాబు: ఉండి, భీమవరం, అమలాపురం వైపు నుంచి కూడా ఇదే ఫిర్యాదు వస్తోంది. అందరూ ఎక్కడో చూసిన 10 కె, 1 మైక్రోఫారడ్‌నే పెట్టేస్తున్నారు. దాని కటాఫ్ ఎంతో ఒక్కసారి లెక్క వేసి చూస్తే తప్పు అక్కడే దొరికేది.

```
fc = 1 / (2πRC)
   = 1 / (2 × 3.14 × 10000 × 0.000001)
   ≈ 15.9 Hz
```

మీ గట్టు మీద సెన్సర్ వైరు, మోటారు కేబుల్ పక్కపక్కనే పడి ఉంటాయి. సెన్సర్ వైరులోకి దూరేది మోటారు కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ హమ్. ఫస్ట్ ఆర్డర్ ఫిల్టర్ కటాఫ్ దాటగానే గోడలా ఆపేయదు, వాలులా మెల్లగా తగ్గిస్తుంది. కటాఫ్ దగ్గర 70 శాతం సిగ్నల్ ఇంకా మిగిలే ఉంటుంది. బాగా పైకి వెళ్లాక ఫ్రీక్వెన్సీ పది రెట్లయితే సిగ్నల్ పదో వంతవుతుంది. 15.9 నుంచి 50 అంటే మూడు రెట్లే. కాబట్టి హమ్‌లో 30 శాతం దాటి వస్తుంది. దాన్ని మీ గెయిన్ 3తో గుణించండి. లోపలికి ఎంత వచ్చిందో దాదాపు అంతే బయటికి పోతోంది. మీకు తేడా కనపడకపోవడానికి కారణం ఇదే.

మరి కటాఫ్ ఎంత ఉండాలి? చెరువులో డీవో మారేది నిమిషాల మీద, గంటల మీద. ఒక్క హెర్ట్జ్ దాటిన కదలిక ఏదీ మీకు అక్కర్లేదు. అందుకే 1 హెర్ట్జ్ దగ్గర పెట్టుకోండి.

లెక్క వేసేటప్పుడు ముందు కెపాసిటర్‌ను ఎంచుకోండి, రెసిస్టర్ తర్వాత. కెపాసిటర్ విలువలు షాపులో కొన్నే దొరుకుతాయి, రెసిస్టర్లయితే కావలసినన్ని ఉంటాయి. కెపాసిటర్ 1 మైక్రోఫారడ్ అనుకుంటే రెసిస్టర్ 159 కె రావాలి. దగ్గర్లో దొరికేది 150 కె, దాంతో కటాఫ్ 1.06 హెర్ట్జ్. ఆ తేడా మనకు లెక్కలోది కాదు. 50 హెర్ట్జ్ ఇప్పుడు 2 శాతానికి పడిపోతుంది. సెన్సర్ వైరులో 0.1 వోల్టు హమ్ ఉందనుకోండి. పాత ఫిల్టర్‌తో ఆర్డినో అంకె అటూ ఇటూ 18 మేర ఊగేది, కొత్తదానితో ఒకటి మేరే ఊగుతుంది. సిగ్నల్ స్థిరపడటానికి ముప్పావు సెకను చాలు.

ఆ 1 మైక్రోఫారడ్ పాలిస్టర్ ఫిల్మ్‌ది తీసుకోండి, చిన్న పెట్టెలా ఉండేది. ఎలక్ట్రోలైటిక్ చౌకగా వస్తుందని పెట్టకండి. అది కొద్దిగా కరెంటు లీక్ చేస్తుంది. 10 కె దగ్గర అది తెలియదు, 150 కె దగ్గర తెలుస్తుంది. ఒక్క మైక్రోఆంపియర్ లీకైనా 0.15 వోల్టు, అంటే మీ పూర్తి స్కేలులో పదో వంతు తప్పు. ఎండ ముదిరేకొద్దీ లీకేజీ పెరుగుతుంది కాబట్టి సెన్సర్ పాడైందని కొత్తది కొనేవాళ్లూ ఉన్నారు. పరీక్ష తేలిక. సిగ్నల్ స్థిరంగా ఉన్నప్పుడు మల్టీమీటర్ రెండు మొనలూ ఆ రెసిస్టర్ రెండు చివర్లా పెట్టండి. ఒకటి రెండు మిల్లీవోల్టులు దాటకూడదు. దాటితే కెపాసిటరో, ఐసీయో కరెంటు లాగుతోందన్నమాట.

ఐసీ మాట వచ్చింది కాబట్టి మీ 720 సంగతి. 720 అంటే సుమారు 3.5 వోల్టులు. ఎల్‌ఎం358కి 5 వోల్టులు ఇస్తే దాని ఔట్‌పుట్ దాదాపు అక్కడే ఆగిపోతుంది, పైనున్న వోల్టున్నర అందుకోలేదు. మీ గెయిన్‌కు మాత్రం 4.5 వోల్టుల దాకా కావాలి. మధ్యాహ్నం ఎండలో నాచు ఆక్సిజన్ వదిలి డీవో ఎక్కే వేళకు ఐసీ తల పైకప్పుకు తగులుతోంది. పైగా దాని ఇన్‌పుట్ లాగే కరెంటు 150 కె గుండా పోతే కొన్ని మిల్లీవోల్టులు తేడా వస్తుంది. ఎంసీపీ6002 పెట్టండి. కాళ్ల వరుస అదే, సాకెట్‌లో పీకి దీన్ని గుచ్చడమే. దాని ఔట్‌పుట్ 5 వోల్టుల అంచుదాకా వెళ్తుంది, ఇన్‌పుట్ కరెంటు లేనట్టే లెక్క. ఒక్క జాగ్రత్త, 6 వోల్టులు మించి ఇవ్వకండి. 12 వోల్టుల అడాప్టర్ తగిలిస్తే ఐసీ పోతుంది.

కనెక్షన్ ఇలా:

```
సెన్సర్ -> 150k -> 3వ కాలు (+)
3వ కాలు -> 1uF -> గ్రౌండ్
1వ కాలు (ఔట్‌పుట్) -> 20k -> 2వ కాలు (-)
2వ కాలు -> 10k -> గ్రౌండ్
1వ కాలు -> ఆర్డినో A0
```

ఆప్-ఆంప్ ఎందుకు, 150 కె, కెపాసిటర్ నేరుగా ఆర్డినోకి ఇస్తే చాలదా అని అడుగుతారు. ఆర్డినోలో వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ 10 కె లోపు మూలం కోసం తయారైంది. 150 కె అయితే అంకెలు నమ్మలేం. గెయిన్ ఎలాగూ కావాలి కదా.

"ప్రోగ్రామ్‌లో సగటు తీస్తే పోదా?" అన్నది ఇంకో మాట. సెకనుకు ఒక్కసారి చదివే కోడ్‌లో పోదు. మన గ్రిడ్ ఫ్రీక్వెన్సీ కచ్చితంగా 50 కాదు, ఎక్కువసేపు 49.90 నుంచి 50.05 మధ్య ఊగుతుంది. 50.03 ఉన్న వేళ సెకనుకోసారి చదివితే ఆ హమ్ 33 సెకన్లకో అలలా, అచ్చం డీవో మెల్లగా ఎక్కి దిగుతున్నట్టే కనిపిస్తుంది. పది రీడింగుల సగటు కూడా ఆ అలనే చూపిస్తుంది. లోపలికి వచ్చాక ఏది నీటిదో ఏది మోటారుదో కోడ్‌కు తెలియదు. అందుకే ఫిల్టర్ ఏడీసీ ముందే ఉండాలి. నాకు కోపం తెప్పించేది, సెన్సర్ బోర్డులు అమ్మేవాళ్లు వాటి మీద ఫిల్టర్ ఉందో లేదో, ఉంటే కటాఫ్ ఎంతో ఒక్క ముక్క రాయరు. చెరువు గట్టున వాడేదాన్ని బల్ల మీద పరీక్షించి పంపేస్తారు.

ఇక మీరు చివర్లో ముక్తసరిగా రాసిన రిలే. నిజానికి నన్ను భయపెట్టింది అదే. డీవో అడుగంటేది తెల్లవారుజామున. ఆ వేళ ఏరేటర్లు ఆగితే రొయ్య తేలిపోతుంది, మీరు గట్టుకు వచ్చేలోపే. ఆ రిలే బోర్డుకు వచ్చిన `admin` పాస్‌వర్డ్ మార్చారా? బయటి నుంచి తెరవడానికి రౌటర్‌లో పోర్టు వదిలారా? వదిలితే మీ చెరువు స్విచ్ దారిన పోయేవాడి చేతిలో పెట్టినట్టే. అలా తెరిచిన పోర్టుల కోసం ఇంటర్నెట్‌లో యంత్రాలు పగలూ రాత్రీ వెతుకుతూనే ఉంటాయి. ఎస్సెమ్మెస్‌తో నడిపే బోర్డయితే మీ నంబర్ తప్ప ఇంకెవరి మెసేజ్ వచ్చినా పట్టించుకోకుండా ఉందో లేదో ఇంకో ఫోన్‌తో పంపి చూడండి. కొన్ని బోర్డులు ఎవరు పంపినా ఆఫ్ అయిపోతాయి.

పోర్టు ఈ రోజే మూసేయండి. ఫోన్ నుంచి ఏరేటర్ ఆన్ చేసే వీలు ఉంచండి, ఆఫ్ మాత్రం గట్టు మీది స్టార్టర్ దగ్గరే చేయండి. ఆర్డినో కూడా రీడింగ్ ఎక్కువ చూపించిందని తనంతట తాను ఏరేటర్ ఆపకూడదు. కొత్త ఫిల్టర్ పెట్టాక ఒక పగటిపూట ఏరేటర్లు ఒక్కొక్కటే వేసి, ఒక్కొక్కటే తీసి, ప్రతిసారీ అంకె రాసుకోండి. మోటారు వేసిన క్షణంలోనే అంకె మారి అక్కడే నిలిచిపోతే అది హమ్ కాదు, గ్రౌండ్ వైరు మోటారుతో కలిసిపోయింది. దానికి ఏ కటాఫూ పనిచేయదు. సెన్సర్ బోర్డుకు విడిగా బ్యాటరీ పెట్టి మళ్లీ చూడండి.