టీచర్ ఉద్యోగం నుంచి కార్పొరేట్ ట్రైనింగ్‌కి: రిక్రూటర్‌కి రాసే మెయిల్‌లో ఏముండాలి?

ప్రశ్న: విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిదేళ్లుగా తొమ్మిది, పది తరగతులకి ఇంగ్లీషు చెబుతున్నాను. హైదరాబాద్‌లో ఒక బీపీఓలో కొత్తగా చేరినవాళ్లకి ఈమెయిల్ సపోర్ట్ ట్రైనింగ్ ఇచ్చే పోస్టు పడింది. కార్పొరేట్ అనుభవం సున్నా. రిక్రూటర్‌కి ఏమని రాయాలి?

జవాబు: మేడమ్, ఆ మెయిల్ మొదట చదివేది ట్రైనింగ్ మేనేజర్ కాదు, రిక్రూటర్. జాబ్ డిస్క్రిప్షన్ పక్కన పెట్టుకుని పోల్చి చూసుకుంటారు. అందులో బ్యాచ్, అసెస్‌మెంట్, సర్టిఫికేషన్ అని ఉంటాయి. మీ మెయిల్‌లో బోధన, సిలబస్, విద్యార్థుల అభిమానం అని ఉంటే ఆ రెండూ ఒకే పని అని ఆయనకి తట్టదు. అలాగని ‘విద్యార్థులు’ అన్న ప్రతిచోటా ‘లెర్నర్స్’ అని మార్చేస్తే అతుకు కనబడిపోతుంది. మీ మాటలు మీవే ఉంచండి, చెప్పే విషయాన్ని మార్చండి.

ఆ ఉద్యోగంలో ట్రైనర్‌ని ప్రధానంగా అడిగేది ఒకటే: బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, అందులో ఎంతమంది ట్రైనింగ్ చివర పెట్టే సర్టిఫికేషన్ పరీక్ష దాటి ఫ్లోర్ మీదికి, అంటే అసలు పనిలోకి వెళ్లారు? కాబట్టి ఎనిమిదేళ్లూ ఏకరువు పెట్టకుండా, ఒక్క సెక్షన్‌ని తీసుకుని దాన్ని ఎక్కడినుంచి ఎక్కడికి తెచ్చారో రాయండి. వంద శాతం పాస్ లాంటివి వద్దు. అది స్కూలు మొత్తం ఫలితం, అందులో మీ వంతు ఎంతో ఎవరికీ తెలియదు. ఒక ఫార్మేటివ్ పరీక్షకీ తర్వాతి దానికీ మధ్య వచ్చిన తేడా మాత్రం మీది. పాత మార్కుల రిజిస్టరు తీస్తే దొరుకుతుంది.

ఉదాహరణకి లెటర్ రైటింగ్ అనుకుందాం. 44 మందిలో 26 మంది తప్పారు. పేపర్లు మళ్లీ తిరగేస్తే గ్రామర్ తప్పులకన్నా ప్రశ్నని సరిగా చదవకపోవడమే ఎక్కువ కనిపించింది. ఫిర్యాదు రాయమంటే విన్నపం రాశారు. ఈమెయిల్ సపోర్ట్‌లో కొత్తవాళ్లు చేసే తప్పు కూడా ఇదే: కస్టమర్ అడిగింది ఒకటి, వీళ్లు జవాబిచ్చేది మరొకటి. మీకూ ఆ ఉద్యోగానికీ వంతెన ఇక్కడుంది. మెయిల్‌లో ఆ పేరా ఇలా ఉండొచ్చు (పంపేది ఇంగ్లీషులోనే అనుకోండి):

“పదో తరగతి ఒక సెక్షన్‌లో 44 మందికి 26 మంది లెటర్ రైటింగ్‌లో తప్పారు. పేపర్లు పరిశీలిస్తే ప్రధాన కారణం ప్రశ్నని తప్పుగా అర్థం చేసుకోవడమని తేలింది. ఎవరు రాస్తున్నారు, ఎవరికి, ఏం కావాలి అన్న మూడూ రెండు నిమిషాల్లో గుర్తించాకే రాయాలన్న పద్ధతి పెట్టాను. నాలుగు అంశాల చెక్‌లిస్టుతో ఒకరిది ఒకరు దిద్దుకునేవారు. ఆరు వారాల తర్వాత అదే స్థాయి కొత్త ప్రశ్నకి తప్పినవారు 9 మంది. వారికి పదజాలమే చాలలేదు, విడిగా క్లాసు పెట్టాను. కస్టమర్ మెయిల్ చదివి జవాబివ్వడంలో కొత్త ఉద్యోగులకి ఇదే పద్ధతిలో శిక్షణ ఇవ్వగలను.”

అంకెలు మీ రిజిస్టరులోవే ఉండాలి, ఇంటర్వ్యూలో తవ్వుతారు. ఆ మిగిలిన 9 మందిని దాచకండి. అందరూ పాసయ్యారంటే అనుమానం వస్తుంది, ఎవరు ఎందుకు మిగిలారో చెబితే కొలవడం తెలుసని అర్థమవుతుంది.

ఒక హద్దు మాత్రం దాటొద్దు. కిర్క్‌ప్యాట్రిక్ నమూనాలో ట్రైనింగ్‌ని నాలుగు మెట్లలో కొలుస్తారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో మార్పు వచ్చిందా, సంస్థకి ఫలితం దక్కిందా. పైన రాసింది రెండో మెట్టు. సోషల్ టీచర్ కూడా జవాబుల్లో తేడా గమనించి ఉంటే అది మూడో మెట్టు వైపు చిన్న ఆధారం, ఒక వాక్యంలో చేర్చండి. లేకపోతే ‘పనితీరు మెరుగుపరిచాను’ అని రాయకండి. పెద్దవాళ్లకి చెప్పిన అనుభవం లేదన్నదీ కప్పిపుచ్చొద్దు. తోటి టీచర్లకి ఏదైనా ఓరియెంటేషన్ ఇచ్చి ఉంటే ఎంతమందికి, ఎన్ని గంటలో రాస్తే చాలు.

చివర్లో రిక్రూటర్ ఫోన్ చేసి అడిగేవన్నీ ముందే ఇచ్చేయండి: ఇప్పటి జీతం, ఆశిస్తున్నది, హైదరాబాద్‌కి మారడానికి సిద్ధమేనా, రాత్రి షిఫ్టు కుదురుతుందా, ఎప్పుడు చేరగలరు. ఈ చివరిదాని దగ్గరే టీచర్లు దెబ్బతింటారు. ఏడాది మధ్యలో వదలరు, కొన్ని స్కూళ్లు ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా తమ దగ్గరే పెట్టుకుంటాయి. అవి ఎప్పుడు చేతికొస్తాయో ఆఫీసులో కనుక్కున్నాకే తేదీ రాయండి. సబ్జెక్ట్ లైన్‌లో పోస్టు పేరు, జాబ్ కోడ్, చేరగల తేదీ పెట్టి, రెజ్యూమె పీడీఎఫ్‌గా జతచేయండి. మొత్తం మెయిల్ ఫోన్ తెరమీద రెండు స్క్రోల్‌లు మించితే, కోయాల్సింది పరిచయ పేరానే.