రెండో చరణం ఏం చెబుతుంది?

తమ్ముడికి,

సినిమా కోసం నువ్వు రాసి పంపిన అప్పగింతల పాట చదివాను. ట్యూన్ ఫైలు పెట్టుకుని మూడు నాలుగుసార్లు పాడుకున్నాను కూడా. మాటలు ట్యూన్‌లో చక్కగా కూర్చున్నాయి. ఎక్కడా సాగదీయాల్సిన పని పడలేదు. పల్లవి నాకు బాగా నచ్చింది. కూతుర్ని అత్తారింటికి పంపే తండ్రి ‘వెళ్ళిరా తల్లీ వెళ్ళిరా, వెనుదిరిగి చూడక వెళ్ళిరా’ అనడంలో దీవెన ఉంది, ఏదో చెప్పకుండా ఆపుకుంటున్న గొంతూ ఉంది. ఆ ఆపుకున్నదేమిటో పాట ఎక్కడా చెప్పలేదు. నా బాధంతా అక్కడే. అందుకే ఈ ఉత్తరం మొత్తం నీ రెండో చరణం గురించే.

నీ రెండు చరణాలనూ పక్కపక్కన పెడుతున్నాను. మొదటిది:

బుడిబుడి నడకల బుజ్జి పాదాలు
గడపకు నేర్పిన గజ్జెల పాటలు
నిన్నటి వరకూ నిండిన వాకిలి
నేటికి మిగిలెను నీ జ్ఞాపకమై

రెండోది:

చిటపట మాటల చిలకల పలుకులు
పెరటికి తెచ్చిన పండుగ వేళలు
బోసిగ మారిన బొమ్మల గూటిని
వెలిగించేనూ నీ జ్ఞాపకమే

ఇప్పుడు ట్యూన్ పక్కన పెట్టి, ఒక్కో చరణం ఏం చెబుతోందో మామూలు మాటల్లో ఒక్క వాక్యం రాసి చూడు. మొదటిది: ‘నువ్వు లేకపోతే వాకిలి బోసిపోతుంది, నీ జ్ఞాపకమే మిగులుతుంది.’ రెండోది: ‘నువ్వు లేకపోతే పెరడూ బొమ్మల గూడూ బోసిపోతాయి, నీ జ్ఞాపకమే మిగులుతుంది.’ వాకిలి పోయి పెరడు వచ్చింది, గజ్జెలు పోయి చిలక వచ్చింది. విన్నవాడికి తెలిసింది మాత్రం పెరగలేదు. ఇంకో పరీక్ష కూడా చెయ్యి. చరణాలను తారుమారు చేసి పాడు. పాటకు ఏ నష్టమూ జరగకపోతే, రెండో చరణం ఒకసారి చెప్పినదాన్నే మళ్ళీ చెబుతోందన్నమాట. నీ పాట తారుమారు చేసినా ఇలాగే ఉంటుంది.

ఇలా ఎందుకవుతుందో నాకు తెలుసు. రెండు చరణాలకూ ట్యూన్ ఒకటే. మొదటి చరణం రాసేటప్పటికి ఆ ట్యూన్ మన చెవిలో ఆ మాటలతోనే స్థిరపడిపోతుంది. ‘బుడిబుడి నడకల’ అన్న చోట చెవి మళ్ళీ అలాంటి జంట శబ్దాన్నే అడుగుతుంది, మనం ‘చిటపట మాటల’ అని ఇచ్చేస్తాం. శబ్దం వెనకాలే అర్థమూ వచ్చేస్తుంది. పాదానికి పదహారు మాత్రలు సరిపోయాయి, ప్రాస కుదిరింది, కాబట్టి చరణం అయిపోయిందనిపిస్తుంది. అందుకే రెండో చరణం మొదలుపెట్టే ముందు ట్యూన్ ఆపేయమంటాను. డమ్మీ మాటలు కూడా వినొద్దు. ఈ చరణంలో చెప్పాల్సిన కొత్త సంగతేమిటో ముందు వచనంలో ఒక్క వాక్యంగా రాసుకో. అది దొరికాకే ట్యూన్ పెట్టుకో.

ఆ సంగతి దొరకాలంటే పల్లవినే ప్రశ్నించాలి. పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుంది, అందులో మాట మారదు. మారగలిగింది దాని అర్థం ఒక్కటే, ఆ పని చెయ్యాల్సింది చరణం. నీ తండ్రి ‘వెనుదిరిగి చూడక’ అంటున్నాడు. ఎందుకు చూడొద్దంటున్నాడు? మొదటిసారి విన్నప్పుడు, అది శుభం కోరి పెద్దవాళ్ళు అనే మాట అనుకుంటాం. కన్నీళ్ళు కనపడకూడదని అంటున్నాడనేది రెండో ఊహ. ఇది ఎవరికైనా వస్తుంది కాబట్టి కొత్త సంగతి కాదు. ఇంకా అడుగు. కూతురు వెనక్కి తిరిగితే నిజంగా ఏం కనపడుతుంది?

నువ్వు పంపిన సందర్భం కాగితంలో ఒక మాట ఉంది: పెళ్ళి ఖర్చుకు తండ్రి చేను అమ్మాడు, కూతురికి చెప్పలేదు. కథలో అంత బలమైన విషయం పెట్టుకుని నువ్వు చిలకల దగ్గర ఆగిపోయావు! కూతురు వెనక్కి చూస్తే కనపడేది ఆ చేను. రెండో చరణానికి కావాల్సిన వాక్యం ఇదే: ‘మన చేను ఇప్పుడు మనది కాదు, ఆ సంగతి నీకు తెలియకూడదు.’

అయితే దీన్ని తండ్రి నోట నేరుగా పెట్టలేం. ‘నీ పెళ్ళికి చేనమ్మాను తల్లీ’ అని పాడించావనుకో, దీవెన కాస్తా లెక్క చెప్పినట్టవుతుంది. పిల్ల ఆ భారం మోసుకుంటూ అత్తారింట్లో అడుగు పెట్టాలి. పైగా ఆ మాట అన్నాక ‘వెనుదిరిగి చూడక’ అన్న పల్లవికి దాచడానికేమీ మిగలదు. కొత్త సంగతి చెప్పాలి, కానీ అది పల్లవి బలం పెంచాలి తప్ప పల్లవిని ఖాళీ చెయ్యకూడదు. అందుకని ఈ చరణంలో తండ్రి మాట్లాడేది కూతురితో కాకుండా బండి తోలే కుర్రాడితో అయితే ఎలా ఉంటుందో చూశాను.

చేలను దాటే దారిన వద్దుర
చెరువు గట్టునే చల్లగ పోరా
కొత్తగ వేసిన కంచెను చూస్తే
అడిగేస్తుందిర అమ్మడు నన్నే

ఇవీ పాదానికి పదహారు మాత్రలే, నీ ట్యూన్‌లోనే పాడి చూశాను. ఇందులో అమ్మకం అన్న మాట లేదు, డబ్బు ప్రస్తావన లేదు, కన్నీళ్ళూ లేవు. ఒక తండ్రి బండివాడికి దారి చెబుతున్నాడు, అంతే. కానీ దీని తర్వాత ‘వెనుదిరిగి చూడక వెళ్ళిరా’ అని పల్లవి ఎత్తుకుని పాడుకో. అవే మాటలు, అదే ట్యూన్, ఇప్పుడు వినే మనిషి మాత్రం వేరు.

ఒక చిక్కుంది. మొదటి చరణం నువ్వు రాసినట్టే ఉంటే ఈ కంచె ఎవరిదో, ఎందుకు వేశారో విన్నవాడికి అందదు. వాకిలి గురించి విన్న మనిషికి ఉన్నట్టుండి కంచె అంటే ఏం తోస్తుంది? కాబట్టి మొదటి చరణంలో చేను ఒకసారి కనపడాలి. బాధ లేకుండా, ఆటలా కనపడాలి. నీ మొదటి రెండు పాదాలు అలాగే ఉంచి, తర్వాతి రెండూ ఇలా మార్చాను:

కంచే ఎరుగని మన చేనంతా
పరుగులు తీసిన పాపవు నీవే

మొదటిసారి విన్నప్పుడు ఇది పిల్ల చిన్నతనం గురించిన ముచ్చట, అంతకు మించి ఏమీ అనిపించదు. అనిపించకూడదు కూడా. కంచె లేని చేనుకు కంచె పడిందని రెండో చరణంలో విన్నప్పుడు, చేను చేతులు మారిందని వినేవాడే గ్రహిస్తాడు. రెండు చరణాల్లోనూ ‘కంచె’ మూడో పాదంలోనే వచ్చేలా చూశాను. నీ ట్యూన్ పై స్థాయికి వెళ్ళేది ఆ పాదంలోనే కాబట్టి చెవి అక్కడ మెలకువగా ఉంటుంది. కొత్త సంగతిని నాలుగో పాదం చివర దాచిపెడితే, పల్లవి ఎత్తుకునే హడావుడిలో అది సగం మందికి వినపడదు.

నువ్వు ‘జ్ఞాపకం’ రెండుసార్లు వాడావు, నేను ‘కంచె’ రెండుసార్లు వాడాను. అయితే నీ జ్ఞాపకం రెండుచోట్లా ఒకే పని చేసింది. కంచె మొదటిసారి లేదు, రెండోసారి ఉంది. మాట తిరిగి వచ్చినా పరవాలేదు, వచ్చేటప్పటికి దాని స్థితి మారి ఉండాలి. ఇప్పుడు చరణాలను తారుమారు చేసి చూడు, పాట నిలబడదు.

నువ్వు అడగబోయేది నాకు తెలుసు: ‘కీర్తనల్లో ఒకే మాట చుట్టూ వరసగా చెప్పుకుంటూ పోతారు కదా?’ నిజమే. అన్నమయ్య ‘బ్రహ్మ కడిగిన పాదము’ తీసుకో. మూడు చరణాలూ పాదాన్నే కీర్తిస్తాయి. అయినా జాగ్రత్తగా చూడు. మొదటి చరణంలో భూమిని కొలిచిన పాదం, బలి తల మీద మోపిన పాదం. అంటే లోకాలన్నీ ఆక్రమించిన పాదం. రెండో చరణంలో శ్రీసతి ప్రేమగా ఒత్తే పాదం కూడా కనిపిస్తుంది. ఆకాశాన్ని తన్నిన పాదమే ఒక ఇల్లాలి చేతుల్లోకి వచ్చింది. మూడో చరణం ఆ పాదాన్ని వేంకటగిరికి, పాడేవాడు నిలబడ్డ చోటికి తీసుకొస్తుంది. వరసగా చెబుతున్నట్టే ఉంటుంది, కానీ వినేవాడు ఒకచోట మొదలై ఇంకోచోట తేలతాడు. పైగా కీర్తన వినేవాడికి ఆ కథలన్నీ ముందే తెలుసు. సినిమా పాట వినేవాడికి నీ తండ్రి ఎవరో తెలియదు. ఆ వెసులుబాటు నీకు లేదు.

కొత్త సంగతి అన్నాను కదా అని రెండు మూడు కుక్కకు. నాలుగు పాదాల చరణం ఒక్క సంగతినే మోయగలదు. ఈ పాటలోనే తల్లి అనారోగ్యం కూడా చెప్పాలని నీ కాగితం చివర రాసుకున్నావు. వద్దు. అది ఇంకో పాట. చేను పక్కన దాన్ని పెడితే వినేవాడు దేనికి బాధపడాలో తేల్చుకునేలోపే వాద్యాలు మొదలవుతాయి.

రెండో చరణం ట్యూన్ మొదటిదే అయినా పాడే తీరు మారాలని సంగీత దర్శకుడికి ఒక మాట చెప్పు. బండివాడితో మాట్లాడే మొదటి రెండు పాదాలు గట్టిగా కాకుండా, కూతురికి వినపడకూడదన్నట్టు లోగొంతుతో రావాలి. రాత కాగితం మీదే, చరణం పక్కన, ‘బండివాడితో’ అని రాసి పంపు. లేకపోతే గాయకుడు అది కూడా కూతురితో చెబుతున్నాడనుకుని అంతా ఒకే ఊపులో పాడేస్తాడు.

మరొకటి, దీన్ని దర్శకుడితో మాట్లాడకుండా ఖాయం చెయ్యకు. పాటకు ముందు సీన్లో చేను అమ్మినట్టు చూపించేస్తున్నారా? చూపిస్తే ప్రేక్షకుడికి సంగతి ముందే తెలుసు, నా చరణంలో వార్త ఉండదు. అప్పుడు కొత్త సంగతి ఇంకొకటి కావాలి. తండ్రి దాస్తున్నది కూతురికి ముందే తెలుసని, తెలిసీ తెలియనట్టు బండెక్కుతోందని చెప్పవచ్చు. ఆ చరణం కూతురి గొంతులో రావాలి. పాట పొడవైందని ఎడిటింగ్‌లో కోత పడేది కూడా చాలాసార్లు రెండో చరణానికే. అది పోతే కథకు ఏమీ తగ్గదనిపిస్తే ఎవరైనా కోసేస్తారు. కంచె ఉన్న చరణాన్ని తీసేస్తే పల్లవి అర్థమే పోతుందని నువ్వు దర్శకుడికి చూపించగలగాలి.

కాబట్టి దర్శకుణ్ణి రెండు విషయాలు అడిగి నాకు రాయి. అమ్మకం సంగతి ప్రేక్షకుడికి ముందు తెలుస్తుందా, పాటలోనే తెలుస్తుందా? అప్పగింతల బండి వాళ్ళు షూటింగ్ చేసే ఊళ్ళో ఏ దారిన వెళుతుంది? అక్కడ చెరువు లేకపోతే రెండో పాదం మార్చాలి. కాలవ గట్టయినా, గుడి వెనక సందయినా నాకు అభ్యంతరం లేదు, మాత్రలు నువ్వే సరిచూసుకో. మూడో పాదం మాత్రం కదపకు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య