పరీక్షలు, మీట్ ఒకేసారి వస్తే ఏది తగ్గించాలి?

"సర్, నేను 800 మీటర్లు పరిగెత్తుతాను. బోర్డు పరీక్షలు అయిన వారానికే మీట్ ఉంది. పొద్దున 4:30కి లేచి గ్రౌండ్‌కి వెళ్తున్నా, రాత్రి 12 దాకా చదువుతున్నా. టైమింగ్ పడిపోతోంది, చదివింది గుర్తుండట్లేదు. ఏది మానేయాలి?"

పరుగు, చదువు రెండూ ఉంచుకో. తెల్లవారుజాము ప్రాక్టీస్ మాత్రం మానెయ్. మీ వయసులో 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి, నీకు దొరికేది నాలుగున్నరే. శరీరాన్ని బాగుచేసే గాఢనిద్ర రాత్రి మొదటి భాగంలో ఎక్కువ. కలలొచ్చే నిద్ర తెల్లవారేముందు ఎక్కువ. చదివింది మెదడులో కుదురుకోవడానికి ఈ రెండూ కావాలి. 4:30 అలారం ఆ రెండోదాన్ని చాలావరకు కోసేస్తుంది.

నేను స్కూలు పిల్లలకు పరుగు నేర్పిస్తాను. నీలాంటి పరిస్థితిలోనే ఉన్న ఒక అమ్మాయికి ఇలా మార్చాం: సాయంత్రం 4:30 నుంచి 5:30 వరకే ప్రాక్టీస్, 7 నుంచి 9:30 వరకు చదువు, 10కి పడక, 6కి లేవడం, స్కూలుకు ముందు ఇంకో గంట చదువు. కష్టమైన సబ్జెక్టు పొద్దున పెట్టుకుంది, రాత్రికి రివిజన్ మాత్రమే. మధ్యాహ్నం మరీ మగతగా ఉంటే 20 నిమిషాలు కునుకు తీసేది. అంతకంటే ఎక్కువ పడుకుంటే లేచాక తల దిమ్ముగా ఉంటుంది, రాత్రి నిద్ర కూడా ఆలస్యమవుతుంది.

ప్రాక్టీస్ తగ్గితే ఫిట్‌నెస్ పోతుందని ఆ అమ్మాయికి చాలా టెన్షన్. కానీ తగ్గించాల్సింది దూరాన్ని, వేగాన్ని కాదు. 200 మీటర్లు ఆరుసార్లు పరిగెత్తే రోజున మూడుసార్లే పరిగెత్తింది, అదే టైమింగ్‌లో, మధ్యలో పూర్తి విశ్రాంతితో. మామూలు రన్నింగ్ సగానికి తగ్గించాం. వేగం నిలబెట్టుకుంటే కొన్ని వారాల పాటు ఇలా సగం చేసినా పెద్దగా నష్టం ఉండదు. వేగం తగ్గించి దూరం మాత్రం ఉంచుకుంటేనే మీట్‌లో కాళ్లు బరువెక్కుతాయి.

రోజూ లేవగానే, మంచం మీదే నిమిషం పాటు నాడి లెక్కపెట్టు. ఎప్పుడూ ఉండేదానికంటే ఏడెనిమిది ఎక్కువగా రెండు మూడు రోజులు వరుసగా ఉంటే, ఆ రోజు వేగంగా పరిగెత్తకు, నడిస్తే చాలు. జ్వరం కూడా ఉంటే అసలు వెళ్లకు. సాయంత్రం టీ, కాఫీ వద్దు. తాగిన ఐదు గంటల తర్వాత కూడా అందులోని కెఫీన్ దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది. ఆదివారం పొద్దున పది దాకా పడుకుంటే ఆ రాత్రి త్వరగా నిద్ర పట్టదు, గంటకు మించి ఆలస్యం చేయకు.

పరీక్ష ముందు రాత్రో, మీట్ ముందు రాత్రో సరిగా నిద్ర పట్టకపోతే కంగారు పడకు, చాలామందికి అలాగే అవుతుంది. అంతకుముందు వారమంతా బాగా పడుకుని ఉంటే ఒక్క రాత్రి వల్ల పరుగు పెద్దగా దెబ్బతినదు. అందుకే చివరి పరీక్ష నుంచి మీట్ దాకా ఉన్న ఆ వారంలో కొత్త వర్కవుట్ ఏదీ మొదలుపెట్టొద్దు. ఒకట్రెండు చిన్న, వేగమైన సెషన్లు చేసి, రోజూ 9 గంటలు పడుకో.