నాలుగు సమాన భుజాలు ఉంటే చాలదా?

ప్రశ్న: మా అబ్బాయి ఎనిమిదో తరగతి. "చతురస్రం అంటే నాలుగు భుజాలూ సమానంగా ఉండే ఆకారం" అని రాస్తే సున్నా వేశారు. అందులో తప్పేముంది? అసలు ఒక నిర్వచనం తప్పని ఎలా తేలుస్తారు?

మీ అబ్బాయి రాసిన వాక్యం నిజమే. చతురస్రానికి నాలుగు భుజాలూ సమానమే, ఎవరూ కాదనరు. కానీ చతురస్రం కానివాటికి కూడా ఆ వాక్యం అంతే బాగా సరిపోతుంది, అందుకే అది నిర్వచనం కాలేదు. సున్నా వేయడం మాత్రం అన్యాయం. ఆ సంగతి తర్వాత చెబుతాను.

నేను తెలుగు మీడియం హైస్కూల్లో చాలాకాలం లెక్కలు చెప్పాను. ఇలా రాసిన పిల్లలకు నోటితో చెప్పి ఒప్పించడం కష్టం. అందుకని అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబ్ తెప్పించేవాణ్ణి. పుల్లల మందు గీకేసి, ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కకు రెండు వైపులా రెండు పుల్లలు దూర్చితే మూల తయారవుతుంది. నాలుగు పుల్లలు, నాలుగు ముక్కలు చాలు. ఒక తరగతిలో ఇలాగే చతురస్రం చేయించి, "ఇప్పుడు దీన్ని ఒక మూల దగ్గర పట్టుకుని పక్కకు తోయండి" అన్నాను. ట్యూబు మెత్తగా ఉంటుంది కాబట్టి మూలలు కదిలాయి, చతురస్రం ఒరిగిపోయింది. పుల్లలు అవే, పొడవులు అవే, నాలుగూ సమానమే. కానీ దాన్ని చతురస్రం అనడానికి ఒక్కరూ ఒప్పుకోలేదు. అది సమచతుర్భుజం, ఇంగ్లీషు మీడియం పిల్లలు రాంబస్ అంటారు. మీ అబ్బాయి నిర్వచనం తలుపు తీసి దాన్ని కూడా లోపలికి రానిచ్చేసింది. దీన్నే అతివ్యాప్తి అంటారు, అంటే కావలసినదాని హద్దు దాటి వేరేవాటి మీదకు కూడా వ్యాపించడం.

అప్పుడు ముందు బెంచీలో ఉన్న ఒక అమ్మాయి లేచి, "అయితే కర్ణాలు కూడా సమానంగా ఉండాలి అందాం సార్" అంది. చాలా మంచి మాట. ఒరిగిన బొమ్మలో ఒక కర్ణం పొడుగు, ఇంకోటి పొట్టి అని తను చూసి పట్టుకుంది. నేను అదే బొమ్మను బల్ల మీద పెట్టి, ఎదురెదురు మూలలు రెండింటిని పట్టుకుని మెల్లగా పైకి లేపాను. బొమ్మ బల్ల మీద నుంచి లేచి మెలిదిరిగింది. భుజాలు నాలుగూ ఇంకా సమానమే. అలా సర్దుతూ పోతే కర్ణాలు రెండూ సమానమయ్యే చోటు కూడా దొరుకుతుంది. ఆ కర్ణాల స్థానంలో మరో రెండు అగ్గిపుల్లలు సరిగ్గా పట్టేలా చేస్తే నాలుగు త్రిభుజాల ముఖాలున్న పిరమిడ్ వస్తుంది. ఆరు పుల్లలూ సమానం. అందులో మొదటి నాలుగు పుల్లల్ని చూపించి, "భుజాలు సమానం, కర్ణాలు సమానం. ఇది చతురస్రమేనా?" అని అడిగాను. తరగతి గప్‌చుప్.

ఆ అమ్మాయి చెప్పిన గుణంలో లోపం లేదు. లోపమంతా "ఆకారం" అన్న మొదటి మాటలో ఉంది. నిర్వచనంలో రెండు పనులు జరగాలి. మొదట ఆ వస్తువు ఏ జాతిలోదో చెప్పాలి. తరువాత ఆ జాతిలోని మిగతా వాటి నుంచి దాన్ని వేరు చేసే గుణం, అంటే భేదకం చెప్పాలి. పిల్లలు భేదకం మీదే దృష్టి పెట్టి, జాతి దగ్గర ఏదో ఒక మాట పడేస్తారు. "ఆకారం" అంటే అందులో గోళమూ వస్తుంది, మెలిదిరిగిన అగ్గిపుల్లల బొమ్మా వస్తుంది. అంత పెద్ద గుంపులోంచి చతురస్రాన్ని వేరు చేయాలంటే భేదకం మీద మోయలేనంత బరువు పడుతుంది. అదే "ఒక సమతలంలో ఉన్న చతుర్భుజం" అని మొదలుపెడితే, ఆ అమ్మాయి మాట ఉన్నదున్నట్టుగా సరిపోతుంది: భుజాలన్నీ సమానమై, కర్ణాలు కూడా సమానమైన సమతల చతుర్భుజం చతురస్రమే, ఇంకేదీ కాదు.

ఇక్కడ నాకు బాగా ఇష్టమైన విషయం ఒకటుంది. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన ఎలిమెంట్స్ గ్రంథం మొదటి భాగంలో సమాన భుజాలు, లంబకోణాలు ఉన్న చతుర్భుజం అని చతురస్రాన్ని నిర్వచించాడు. కర్ణాల బదులు కోణాలు తీసుకున్నాడు. మెలిదిరిగిన చతుర్భుజంలో నాలుగు కోణాల మొత్తం ఎప్పుడూ 360 డిగ్రీల కంటే తక్కువే ఉంటుంది. అందువల్ల నాలుగు కోణాలూ లంబకోణాలే అని పట్టుబడితే ఆ బొమ్మ తనంతట తనే చదునుగా పడుకోవాలి, వేరే దారి లేదు. అంటే ఒక్కోసారి బలమైన భేదకం జాతిలోని వదులును కూడా సరిచేస్తుంది. కర్ణాలకు ఆ శక్తి లేదు.

దీనికి పూర్తి వ్యతిరేకమైన తప్పు కూడా ఉంది. అది రాతలో కంటే పిల్లల మనసులో ఎక్కువ. బోర్డు మీద చతురస్రాన్ని మూల కిందికి వచ్చేలా, వాలుగా గీసి "ఇదేమిటి" అని అడగండి. సగం మంది "డైమండ్" అంటారు. పుస్తకాల్లో ప్రతిచోటా ఒక భుజం అడ్డంగా, ఒక భుజం నిలువుగానే గీస్తారు కాబట్టి, అలా నిలబడి ఉండటం కూడా చతురస్రం లక్షణమే అనుకుంటారు. తిప్పిన చతురస్రం వాళ్ల లెక్కలో బయటే ఉండిపోతుంది. ఇది అవ్యాప్తి, చేరవలసిన వాటిలో కొన్నింటిని బయట ఉంచేయడం. బొమ్మలు వేసేవాళ్లు పుస్తకంలో నాలుగు బొమ్మల్లో ఒకటైనా వాలుగా వేస్తే ఈ రోగం పుట్టనే పుట్టదు. ఎందుకు వేయరో నాకు ఈరోజుకీ అర్థం కాదు.

అతివ్యాప్తి, అవ్యాప్తి అన్న మాటలు మన తర్కశాస్త్రంలోవి. 17వ శతాబ్దపు అన్నంభట్టు మన తెలుగువాడే. ఆయన తన తర్కసంగ్రహం అనే పుస్తకానికి తనే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో ఆవును ఉదాహరణగా తీసుకున్నాడు. కొమ్ములున్నది ఆవు అంటే అతివ్యాప్తి, గేదెకూ కొమ్ములున్నాయి. కపిల వర్ణం గలది ఆవు అంటే అవ్యాప్తి, తెల్లావు బయటికి పోతుంది. ఒంటి గిట్ట గలది ఆవు అంటే అసంభవం, ఎందుకంటే ఆవు గిట్ట చీలి ఉంటుంది, ఒక్క ఆవుకైనా ఆ గుణం లేదు. గంగడోలు గలది అంటే సరిపోతుంది. ఎవరి నిర్వచనాన్నైనా పరీక్షించాలంటే ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనబడలేదు. కానిది ఏదైనా లోపలికి వస్తోందా, అయినది ఏదైనా బయట ఉండిపోతోందా, అసలు ఒక్కటైనా లోపలికి వస్తోందా అని మూడు వైపుల నుంచీ వెతకాలి. మొదటి రెంటిలో ఒక్క ఉదాహరణ దొరికినా, మూడోదానిలో ఒక్కటీ దొరక్కపోయినా నిర్వచనం పడిపోయినట్టే. ఇంటర్‌లో లాజిక్ తీసుకున్న కొద్దిమందికి తప్ప మిగతా పిల్లలకు ఈ మూడు దోషాల పేర్లు కూడా తెలియకుండా చదువు అయిపోతోంది. లెక్కల తరగతిలో ఒక్క పీరియడ్‌లో చెప్పేయగల విషయం ఇది.

ఈ పరీక్షలకు దొరకని తప్పు ఒకటుంది. "లంబకోణం అంటే ఏమిటి" అంటే ఏ పిల్లవాడైనా "90 డిగ్రీల కోణం" అంటాడు. "డిగ్రీ అంటే?" అని అడిగితే, తెలివైనవాడు కాసేపు ఆలోచించి "లంబకోణంలో 90వ వంతు" అంటాడు. లంబకోణాలన్నీ లోపలే ఉన్నాయి, కానివన్నీ బయటే ఉన్నాయి, కాబట్టి వ్యాప్తి దోషం ఏదీ లేదు. కానీ దీన్ని తెలుసుకోవాలంటే దాన్ని ముందే తెలుసుకుని ఉండాలి, దాన్ని తెలుసుకోవాలంటే దీన్ని. తార్కికులు దీన్ని అన్యోన్యాశ్రయం అన్నారు. ఒక్క వాక్యాన్ని చూస్తే ఇది ఎప్పటికీ బయటపడదు. వాక్యంలోని ముఖ్యమైన మాటల్ని తీసుకుని వాటికి కూడా నిర్వచనం అడగాలి, మొదటి మాట తిరిగి వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి.

ఈ చక్రాన్ని తెంచడం సులువే. ఒక కాగితాన్ని ఎలాగోలా ఒకసారి మడవండి. ఆ మడత గీత తన మీదే తాను పడేలా ఇంకోసారి మడవండి. విప్పి చూస్తే రెండు గీతలు కలిసే చోట పక్కపక్క కోణాలు ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడ్డాయి, అంటే సమానం. అలా సమానమైన ఒక్కో కోణం లంబకోణం. ఇందులో డిగ్రీ అన్న మాటే లేదు. యూక్లిడ్ లంబకోణాన్ని చెప్పింది ఇలాగే, ఒక సరళరేఖ మీద ఇంకో సరళరేఖ నిలబడి పక్క కోణాలు సమానంగా చేస్తే అవి లంబకోణాలని. లేదా పూర్తి చుట్టులో 360వ వంతును డిగ్రీ అని ముందే నిర్ణయించుకుంటే, లంబకోణాన్ని 90 డిగ్రీలు అనడంలో తప్పు లేదు. రెంటిలో ఏదో ఒకటి ముందుండాలి, అంతే.

ఇక సున్నా సంగతి. మీ అబ్బాయి జాతి దగ్గర వదులుగా రాశాడు, భేదకంలో సగం రాశాడు. సగం మార్కులు ఇచ్చి, పక్కన ఒరిగిన సమచతుర్భుజం ఒకటి గీసి వదిలేస్తే వాడే మిగతాది రాసుకునేవాడు. "నాలుగు భుజాలు సమానమై, ఒక కోణం లంబకోణమైన సమతల చతుర్భుజం" అని రాస్తే పూర్తి మార్కులు ఇవ్వాలి. ఒక్క కోణం చాలు, మిగతా మూడూ దాని వెంటే వస్తాయి. కానీ పుస్తకంలో "అన్ని కోణాలూ" అని ఉంటే, "ఒక కోణం" అని రాసినవాడికి కూడా మార్కులు కోసేవాళ్లను నేను వాల్యుయేషన్ క్యాంపుల్లో చూశాను. వాళ్లతో చాలాసార్లు వాదించాను.

మార్కెట్లో దొరికే గైడ్ల మీద నా కోపం ఇంకా పెద్దది. "పొడవు, వెడల్పు వేర్వేరుగా ఉండి అన్నీ లంబకోణాలైన చతుర్భుజం దీర్ఘచతురస్రం" అని రాస్తారు. ఆ పద్ధతికి చరిత్ర ఉంది, యూక్లిడ్ కూడా రెంటినీ వేరు వేరుగానే పెట్టాడు. కానీ ఇప్పటి గణితంలో చతురస్రం కూడా దీర్ఘచతురస్రమే. అలా పెట్టుకోవడానికి గట్టి కారణం ఉంది. సమాంతర చతుర్భుజంలో కర్ణాలు ఒకదాన్నొకటి సమద్విఖండన చేసుకుంటాయని ఒకసారి నిరూపిస్తే దీర్ఘచతురస్రానికి, సమచతుర్భుజానికి, చతురస్రానికి మళ్లీ నిరూపించక్కర్లేదు. గైడ్ నిర్వచనంతో చదివిన పిల్లవాడికి ఆ మెట్లు ఉండవు. ప్రతి బొమ్మకూ అవే ధర్మాలు విడివిడిగా బట్టీ పడతాడు. మీ ఇంట్లో అలాంటి గైడ్ ఉంటే, చతుర్భుజాల అధ్యాయంలో నిర్వచనాల పేజీ తీసి మీ అబ్బాయి చేత ఒక్కోదానికీ అగ్గిపుల్లలతో ఎదురు ఉదాహరణ వెతికించండి.