బ్యాగు ఒళ్ళోంచి దిగేదాకా

హన్మకొండ

తమ్ముడూ,

నీ కథ రెండుసార్లు చదివాను. కొత్తవాడలో మగ్గం ఆగిపోయిన ఇల్లు, భివండి మరమగ్గాలకు వెళ్ళిపోయిన తండ్రి, దసరా సెలవుల తర్వాత బడిలో నోరు విప్పని ఏడో తరగతి పిల్లవాడు. ఇంతవరకు నాకు బాగా నచ్చింది. ఆ వీధులు నీకు ఎంత దగ్గరో ప్రతి వాక్యంలోనూ తెలుస్తోంది. పిల్లవాడు కౌన్సెలర్ గదిలో అడుగుపెట్టిన దగ్గర మాత్రం కథ నీ చేయి జారింది. ఆమె వాడి చేయి పట్టుకుని "నీ బాధ నాతో చెప్పుకో నాన్నా" అంటుంది. వాడు భోరుమంటాడు. గంట కొట్టేలోగా తండ్రి అప్పు, తల్లి దిగులు, తన భయం అన్నీ చెప్పేస్తాడు. నెలల తరబడి మూసుకున్న నోరు తొలిసారి చూసిన మనిషి ముందు అలా తెరుచుకోదు. మొదటి సమావేశంలో కలిగే చనువు పిల్లవాడి మాటల్లో కంటే ముందు వాడి ఒంట్లో కనబడుతుంది, వాడు తీసుకునే చిన్న చిన్న నిర్ణయాల్లో కనబడుతుంది. ఈ ఉత్తరంలో నేను చెప్పదలచుకున్నది అంతే. మిగతాది దాన్ని కాగితం మీదికి ఎలా తేవాలన్న సంగతి.

ముందు వాడి మౌనం ఏ రకమో నువ్వు తేల్చుకోవాలి. ఇంట్లో గలగలా మాట్లాడుతూ బడిలో మాత్రం నెలకు మించి పెదవి కదపని పిల్లలుంటారు. దాన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారు. అది మొండితనం కాదు, గొంతు పట్టేసే ఆందోళన. సరిగ్గా వినపడక మాట్లాడని పిల్లలు వేరు, నత్తి వల్ల నవ్వులపాలైన పిల్లలు వేరు, ఇంట్లో లంబాడీ మాట్లాడుతూ బడి తెలుగుకు జంకే తండా పిల్లలు వేరు. నీ పిల్లవాడు సెలవుల ముందు వరకు అందరిలాగే మాట్లాడాడు, ఇప్పుడు ఇంట్లోనూ మాట తగ్గించాడు. అంటే ఏదో జరిగింది. మంచి కౌన్సెలర్ పిల్లవాణ్ని పిలిచే ముందే ఈ సంగతులు తల్లి దగ్గరా, తరగతి టీచరు దగ్గరా కనుక్కుంటుంది. కథలో దీనికి నాలుగు వాక్యాలు చాలు. తరగతి టీచరు "పొగరెక్కువైంది మేడం" అనడం, తల్లి "రాత్రిళ్ళు తమ్ముడితో మాత్రం గుసగుసగా మాట్లాడతాడు" అనడం. ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరమే చదివేవాణ్ని గదిలోకి లాక్కెళుతుంది.

ఇక గదిలోకి వద్దాం. కౌన్సెలర్ దగ్గరికి పంపారంటే తప్పు చేశానని వాడు అనుకుంటాడు. మన బడుల్లో పిల్లవాణ్ని తరగతి మధ్యలో లేపి బయటికి పంపేది చాలావరకు తిట్టడానికే కదా. కాబట్టి ఆమె నోట్లోంచి వచ్చే మొదటి మాటలు ప్రశ్నలు కాకూడదు, వాడికి తెలియాల్సిన సమాచారం కావాలి. తానెవరు, వాణ్ని ఎవరు పంపారు, ఎందుకు పంపారు, ఎంతసేపు కూర్చోవాలి, మాట్లాడకపోతే ఏమవుతుంది. "మీ క్లాస్ టీచర్ నీ గురించి కాస్త బెంగపడి నన్ను చూడమన్నారు. మనం 40 నిమిషాలు ఇక్కడ ఉంటాం. మాట్లాడాలని లేకపోతే మాట్లాడక్కర్లేదు. తలుపు తీసే ఉంటుంది." ఇలా తేలికైన మాటల్లో రాయి.

నీ చిత్తుప్రతిలో ఆమె "నువ్వు ఏం చెప్పినా ఎవరికీ చెప్పను" అని ఒట్టు వేస్తుంది. ఆ ఒట్టు తీసెయ్యి. ఏ కౌన్సెలరూ ఆ మాట ఇవ్వకూడదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతుంది. పిల్లవాడి ప్రాణానికి ముప్పు ఉందనిపించినా ఆమె ఊరుకోకూడదు. అందుకే తెలిసిన కౌన్సెలర్ ఇలా అంటుంది: "నువ్వు చెప్పేవి నా దగ్గరే ఉంటాయి. నీకు గానీ ఇంకెవరికైనా గానీ ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం సాయం చేసేవాళ్ళకు చెప్పాల్సి వస్తుంది. అప్పుడు ముందు నీకే చెబుతాను." ఒట్టు కంటే ఇది చప్పగా వినపడుతుందని నువ్వు అనుకోవచ్చు. కానీ పెద్దవాళ్ళు నిలబెట్టుకోని మాటలు ఎన్నో విన్న పిల్లవాడికి, మాటకు హద్దు చెప్పిన మనిషి కొత్తగా కనబడుతుంది.

తర్వాత కూర్చోవడం. బల్లకు అటూ ఇటూ ఎదురెదురుగా కూర్చోబెట్టకు. అది హెడ్మాస్టరు గది కూర్పు. నీ కథ జంపఖానాలు నేసే కొత్తవాడది కనుక గదిలో నేల మీద ఒక జంపఖానా పరిచి ఉందనుకో. మీటింగులకు వాడేది, పాతబడినది, ఒక అంచున పోగుల ముడులు ఊడినది. ఇద్దరూ దాని మీద కాస్త వాలుగా, ఒకే దిక్కు చూస్తున్నట్టు కూర్చుంటారు. వాడు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులతో కావలించుకుంటాడు. ఆ బ్యాగు మీద కన్నేసి ఉంచు, వాడి మనసు సంగతి నీకు అదే చెబుతుంది. వాడి తలలోకి మాత్రం దూరకు. కథ ఆమె కళ్ళతోనే నడవాలి. "వాడి గుండె బరువెక్కింది" అని నువ్వు రాసిన క్షణం ఆమెకు తెలియనిది చదివేవాడికి తెలిసిపోతుంది, ఇద్దరి మధ్య ఉన్న బిగువు సడలిపోతుంది.

నీ కౌన్సెలర్ మొదటి పేజీలోనే పదకొండు ప్రశ్నలు అడిగింది. నేను లెక్కపెట్టాను. జవాబు చెప్పలేని పిల్లవాడికి ప్రతి ప్రశ్నా మరో ఓటమే. అన్నిటికంటే చెడ్డది "ఎందుకు మాట్లాడవు?" అన్నది. దానికి జవాబు చాలాసార్లు వాడికే తెలియదు. ప్రశ్నల బదులు ఆమె కంటికి కనిపించేది కనిపించినట్టు చెప్పాలి: "ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది." "నువ్వు ఆకుపచ్చ పెన్సిల్ తీసుకున్నావు." ప్రతి మాట తర్వాత నెమ్మదిగా పది లెక్కపెట్టేంత ఖాళీ వదలాలి. కొత్త కౌన్సెలర్లకు ఆ ఖాళీ భరించడం కష్టం, కొత్త రచయితలకు ఇంకా కష్టం. ఆ పది క్షణాల్లో గదిలో ఏం వినపడుతుందో రాయి. "నువ్వు బాధలో ఉన్నావు" వంటి తీర్పులు మాత్రం వద్దు. మొదటిరోజే లోపలికి తొంగిచూసే మనిషి నుంచి పిల్లలు ఇంకా దూరం జరుగుతారు.

మాట అక్కర్లేని పని ఒకటి కావాలి. డొనాల్డ్ వినికాట్ అనే బ్రిటిష్ పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు, పిల్లలతో ఒక గీతల ఆట ఆడేవాడు. ఒకరు కాగితం మీద పిచ్చి గీత గీస్తారు, రెండోవాళ్ళు దానికి ఏదో కలిపి బొమ్మ చేస్తారు, తర్వాత వంతు మారుతుంది. ఇందులో తప్పొప్పులు లేవు, మార్కులు లేవు. వంతులు మారడమంటే మాటలు లేని సంభాషణే. నీ కౌన్సెలర్ ఒక వంకర గీత గీసి పెన్సిల్ వాడి దగ్గర పెడుతుంది, చేతికివ్వదు. వాడు చాలాసేపు చూసి, దానికి ఒక కన్నూ తోకా పెట్టి చేప చేస్తాడు. దయచేసి దాన్ని మగ్గం చేయకు, రైలెక్కిన నాన్నను చేయకు. మొదటిరోజు పిల్లలు తమ గాయాన్ని బొమ్మగా గీసి చూపించరు, చేప చాలు. ఆమె కూడా "ఈ చేప ఒంటరిగా ఉందా?" అని తవ్వకూడదు. "చేపకు పెద్ద తోక వచ్చింది" అంటే సరిపోతుంది. వాడు గీత గీసి కాగితం ఆమె వైపు ఓ అంగుళం జరుపుతాడు. ఆ అంగుళం రాయి. బ్యాగు ఒళ్ళోంచి మోకాళ్ళ మీదికి వచ్చింది, అదీ రాయి.

అప్పుడు వరండాలో హెడ్మాస్టరు గొంతు గట్టిగా వినపడనీ. వాడి చేయి ఆగిపోతుంది, బ్యాగు మళ్ళీ ఛాతీకి అంటుకుంటుంది. చనువు ఒకే దిక్కుగా పెరగదు, వెనక్కీ పోతుంది. ఆమె ఏం చేస్తుంది? "భయపడకు" అనదు. "గొంతు గట్టిగా వినపడింది. వెళ్ళిపోయారు" అని మాత్రం అంటుంది. పెన్సిల్ వంక చూడకుండా ఊరుకుంటుంది. వాడి చేతులకు పని కావాలి కాబట్టి జంపఖానా అంచున ఊడిన పోగుల మీదికి వాటంతట అవే పోతాయి. నేత ఇంటి పిల్లవాడు కదా, ఊడిన ముడి చూస్తూ ఊరుకోలేడు. ఒకటి వేస్తాడు. ఆమె తానూ ఒకటి వేయబోతుంది. ఆమెకు నిజంగానే రాదు. నటిస్తే పిల్లలు ఇట్టే పట్టేస్తారు, కాబట్టి రాదని నిజంగానే రాయి. రెండు పోగులు పట్టి ముడి వేస్తే జారిపోతుంది. అప్పుడు వాడు, తల ఎత్తకుండానే:

"నాలుగు పట్టాలి."

వాడి మొదటి మాట ఇలాంటిదే కావాలి. బాధ కాదు, రహస్యం కాదు, పెద్దవాళ్ళ తప్పు దిద్దే ఒక చిన్న మాట. దీని తర్వాతి వాక్యంలోనే చాలా కథలు పాడవుతాయి. ఆమె కళ్ళు చెమర్చాయనీ, "శెభాష్, మాట్లాడావు!" అన్నదనీ రాస్తారు. నిజంగా ఆమె అలా అంటే గదిలో వెలుగంతా వాడి నోటి మీద పడుతుంది, వాడు మళ్ళీ ముడుచుకుంటాడు. ఆమె మాటకు కాదు, మాటలోని విషయానికి జవాబు చెప్పాలి. "నాలుగా? ఇలాగా?" అని నాలుగు పోగులు పట్టి చూపించాలి. అంతలో బ్యాగు నేల మీదికి జారి ఉంటుంది. ఎప్పుడు జారిందో ఆమె కూడా గమనించలేదని రాస్తే ఇంకా బాగుంటుంది.

ముగింపు దగ్గర తొందరపడకు. ఇంకా ఐదు నిమిషాలుందని ఆమె ముందే చెప్పాలి. చెప్పకుండా ముగిస్తే పంపించేసినట్టు ఉంటుంది. చేప బొమ్మ ఇంటికి తీసుకెళ్ళాలో ఇక్కడ ఉంచాలో వాడే తేల్చుకోవాలి. తర్వాత ఆమె ఇలా అంటుంది: "మీ టీచరు నన్ను అడుగుతారు. ఇద్దరం గీతలు గీశాం, వచ్చే మంగళవారం మళ్ళీ కలుస్తాం అని చెబుతాను. సరేనా?" వాడు తల ఊపుతాడు. తలుపు దగ్గర క్లాస్ టీచరు "ఏమైనా చెప్పాడా మేడం?" అని అడగాలి, వాడు వినేంత దగ్గర్లోనే అడగాలి. ఆమె అనుకున్న మాటే చెప్పాలి, ఒక్క ముక్క ఎక్కువ కాకుండా. "నాలుగు పట్టాలి" అన్న మాట ఆ గదిలోనే ఉండిపోవాలి. నా దృష్టిలో ఈ కథకు శిఖరం అదే. గదిలో ఇచ్చిన మాటకు బయట జరిగే పరీక్ష అది, వాడు వింటున్నాడు.

తండ్రి సంగతి ఈ కథలో రాదు. దసరా సెలవుల్లో ఆ ఇంట్లో ఏం జరిగిందో నీకు తెలిసి ఉండాలి, ఆమెకు తెలియకూడదు. చదివేవాడికి తల్లి మాటల్లో ఒక జాడ దొరికితే చాలు. మంగళవారం కలిసినప్పుడు వాడు అసలేమీ మాట్లాడకపోవచ్చు కూడా. అలా జరిగే పిల్లలే ఎక్కువ. కాబట్టి వాడు మారిపోయాడన్న వాక్యం ఎక్కడా రాయకు.

తిరగరాసే ముందు ఒక పని చెయ్యి. కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ళ ఇంటికి వెళ్ళి, అంచు ముడి వేస్తుంటే పక్కన కూర్చుని చూడు. నాలుగు పోగులని నేను ఉదాహరణకు రాశాను. వాళ్ళు ఎన్ని పడతారో అదే నీ పిల్లవాడి నోట రావాలి. కొత్త ప్రతి సంక్రాంతి లోపు పంపు, గదిలోకి వచ్చిన దగ్గర నుంచి రాసినా చాలు.

నీ అన్న